అమ్మీ అశ్వగంధ వెనక్కి తీసుకున్న రోజు

ఖమ్మం బజారులో మాది మూలికల దుకాణం. తాత పెట్టాడు, అబ్బా ముప్పై ఏళ్లు నడిపాడు. అబ్బా ఛాతీ నొప్పితో ఒక్కరోజులో పోయినప్పుడు, దుకాణాన్ని ఎవరికైనా కిరాయికి ఇచ్చేయమని బంధువులంతా అన్నారు. అమ్మీ మాత్రం భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ గడప దాటలేదు. ఆ గడువు ముగిసిన మర్నాడు పొద్దున బురఖా వేసుకుని, తాళంచెవులు తీసుకుని, నడిచి వెళ్లి చెక్క తలుపులు తెరిచింది. డెబ్బై దశకం చివరి మాట ఇది. ఆడమనిషి గల్లా ముందు కూర్చున్న దుకాణం ఆ వీధిలో అప్పటికి మాదొక్కటే.

ఆమె చదివింది అయిదో తరగతి, అదీ ఉర్దూలో. కానీ పెళ్లయి వచ్చినప్పటి నుంచి మామగారు, తర్వాత భర్త మూలికలు ఏరుతుంటే చూసింది, దంచింది, జల్లించింది. అడవి వైపు నుంచి కోయవాళ్లు తెచ్చే తిప్పతీగ, కరక్కాయ, ఉసిరి పెచ్చులు చేత్తో పట్టుకుంటేనే ఎప్పుడు కోసినవో చెప్పేది. అశ్వగంధ మాత్రం ఉత్తరాది నుంచి రైల్లో మూటలుగా వచ్చేది. తెలుగువాళ్లు దాన్ని పెన్నేరు గడ్డ అంటారు, మా ఇంట్లో అస్‌గంధ్ అంటాం. మూట విప్పగానే అమ్మీ ఒక వేరు తీసి విరిచేది. పుటుక్కున విరగాలి. లోపల తెల్లగా, పిండి పిండిగా ఉండాలి. తడి తగిలితే గుర్రపు చెమట వాసన రావాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా మూట తిరిగి వెళ్లిపోయేది.

నేను ఫార్మసీ డిప్లొమా చదివి, ఊళ్లోని సర్కారు దవాఖానాలో మందులిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి మా ఇంట్లో రోజూ ఒక చిన్న యుద్ధమే. పగలంతా నేను గోలీలు లెక్కబెట్టి పొట్లం కట్టేదాన్ని, అమ్మీ వేర్లు దంచి పొట్లం కట్టేది. రాత్రి అన్నాల దగ్గర కూర్చుని, ఎవరి పొట్లం గొప్పదో తేల్చుకునేవాళ్లం. నేను కొత్తగా చదువుకున్నదాన్ని కదా, నోరు కొంచెం ఎక్కువే ఉండేది.

"మీ దాంట్లో ఎంత మోతాదో ఎవరికన్నా తెలుసా అమ్మీ? వేరు వేరుకీ బలం మారుతది" అనేదాన్ని.

"మీ డాక్టరు పేషెంటు మొఖం చూస్తడా? చీటీ చూస్తడు" అనేది ఆమె.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందని తెలియడానికి ఎనభైల మధ్య దాకా పట్టింది.

ఆ ఏడు వానాకాలం చివర ఒక టీచరమ్మ దుకాణానికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఇల్లు ఖానాపురం హవేలిలో, ఉద్యోగం చర్ల దగ్గర ఒక అడవి పల్లెలో. సోమవారం తెల్లవారకముందే బస్సెక్కి, భద్రాచలంలో మారి, ఆ గుంతల రోడ్డు మీద బడికి చేరేది. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం ఇంటికి వచ్చేది. ఇద్దరు పిల్లలు అత్తగారి దగ్గర ఉండేవాళ్లు. నేను ఆ రోజు దవాఖానాలో ఉన్నాను. జరిగింది అమ్మీయే తర్వాత చెప్పింది.

"గుండె దడదడ కొట్టుకుంటది చాచీ" అందట ఆమె. "ఊకె భయమైతది. ఏం భయమంటే చెప్పరాదు. నిద్ర పడ్తలేదు. పిల్లలు బోర్డు మీద రాసింది చదువుతుంటే నాకు ఏడుపొస్తది."

ఊళ్లో అందరూ ఒకటే చెప్పారట. అడవిలో పోస్టింగు, పోలీసు జీపులు తిరిగే చోటు, పిల్లలకు దూరం, భయం కాక మరేముంటుంది అని. అమ్మీకీ అట్లాగే తోచింది. "కడుపుతో ఉన్నవా బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. కడుపుతో ఉన్నవాళ్లకు అస్‌గంధ్ ఇవ్వకూడదన్నది తాత పెట్టిన కట్టడి. కాదని టీచరమ్మ అన్నాక, రాత్రి పాలల్లో చిన్న చెంచాడు వేసుకోమని వేరు పొడి ఇచ్చింది. పడుకునే ముందు టీలాగా కాచుకుని తాగమని ఎండు తులసి, బాబూనా పూలు, తగర వేరు, తీపి కోసం కాస్త అతిమధురం కలిపిన దినుసు కూడా కట్టింది. చామంతి జాతిలో చిన్న పూలను యునానీ వాళ్లు బాబూనా అంటారు. తగర నిద్రకు ఇస్తారు.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం సాయంత్రం, టీచరమ్మ భర్తతో కలిసి మళ్లీ వచ్చింది. ఆ రోజు సెలవు కాబట్టి నేనూ దుకాణంలోనే ఉన్నాను. ఆమె మోచేతికి గుడ్డ కట్టి ఉంది.

"పగలంతా మత్తుగుంటది చాచీ. మొన్న బళ్లె వరండా మెట్లు దిగుతుంటే కన్ను మూత పడ్డది, పడిపోయిన. రాత్రయితే మాత్రం గుండె ఆగదు, కొట్టుకుంటనే ఉంటది. మందు ఇంక జరంత ఎక్కువియ్యి" అంది.

భర్త పక్కనుంచి, "పొడి పనిచేస్తలేదు. డోసు పెంచాలేమో" అన్నాడు.

ఆమె పాత పొట్లం తీయడానికి చేతిసంచీ తెరిచింది. అందులోంచి ఒక గోలీల పట్టీ బల్ల మీద పడింది. డయాజిపామ్. రోజూ నా కిటికీలోంచి నేనే ఇచ్చే నిద్ర గోలీ. ఇంకో దవాఖానాలో ఒక డాక్టరు నెల కింద రాశాడట, ప్రతి రాత్రీ వేసుకుంటోందట. దాని మీద అస్‌గంధ్, దాని మీద తగర టీ. మూడూ మనిషిని మత్తులోకి దించేవే. ఒకదానికొకటి తోడైతే పగలు కూడా తల తేలిపోదా మరి?

నేను ఆగలేకపోయాను. దుకాణంలో ఇంకా నలుగురైదుగురు బేరానికి నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందే గొంతు పెంచాను.

"అమ్మీ, వేరే గోలీలు ఏమన్న వేసుకుంటుందా అని అడగలే నువ్వు? నిద్ర గోలీ మీద ఈ పొడి ఎట్లిచ్చినవ్?"

అమ్మీ చేతిలో తక్కెడ ఉంది. మెల్లగా కింద పెట్టింది. నా వైపు చూడలేదు. టీచరమ్మ వైపు చూసింది.

"అవ్. అడగలే. తప్పు నాది" అంది. "పొట్లాలు రెండూ ఇటియ్యి బిడ్డా."

అబ్బా కాలం నుంచి మాది నమ్మకమైన దుకాణమని పేరు. అంతమంది ముందు ఆ మాట ఆమె అంత తేలికగా అనడం నాకే కష్టంగా తోచింది. అరిచినందుకు సిగ్గేసింది. టీచరమ్మ భర్త, "అట్లయితే డాక్టరు గోలీలు బంద్ పెడదాం, ఇవే వాడదాం. ఇవి ఆకులే కదా, నష్టం ఉండదు" అన్నాడు.

"ఆకైనా మందే అయ్యా" అంది అమ్మీ. "పనిచేస్తదంటే చెడ్డా చేస్తది. బంద్ పెట్టాల్సింది నేనిచ్చింది. డాక్టరిచ్చిన గోలీ నువ్వూ నేనూ ఆపొద్దు. ఆపుడో, తగ్గిచ్చుడో, ఇచ్చినాయననే అడగాలె."

అది నిజమని నేను చెప్పాను. ఆ జాతి నిద్ర గోలీలకు ఒంటికి అలవాటవుతుంది. ఒక్కసారిగా మానేస్తే దడ, వణుకు ఇంకా ఎక్కువ కావచ్చు. మెల్లమెల్లగా తగ్గించాలి.

మిగిలిన వాళ్లకు సరుకిచ్చి పంపాక అమ్మీ టీచరమ్మను లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. చేతులు ముందుకు చాచమంది. టీచరమ్మ చాచింది. వేళ్ల చివర్లు సన్నగా వణుకుతున్నాయి, గాలికి చింతాకు వణికినట్టు.

"తిండి ఎట్ల తింటున్నవ్?"

"మస్తు తింటున్న చాచీ. ఆకలి ఆగది."

"మరి జాకెట్టు గింత వదులెందుకయింది?"

టీచరమ్మ తన భుజం వైపు చూసుకుంది. చేతుల కింద గుడ్డ ముడతలు పడి ఉంది. "చిక్కిన" అంది చిన్నగా.

బయట కార్తీకం చలి మొదలైంది. దుకాణంలో అందరం శాలువాలు కప్పుకుని ఉన్నాం. ఆమె మెడ మీద మాత్రం చెమట. అమ్మీ దీపం దగ్గరికి జరిపి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, "గుటక వేయి" అంది. గుటక పడినప్పుడు గొంతు ముందు భాగంలో చిన్న ఉబ్బు పైకి లేచి దిగింది. నేను చూశాను. నెల్లాళ్ల నుంచి అందరూ ఆమె మొహాన్నే చూశారు, భయమని పేరు పెట్టారు. మెడ ఎవరూ చూడలేదు.

"ఇది దిగులు, రంది కాదు బేటీ" అంది అమ్మీ నాతో. "రంది ఉన్నోళ్లకు ముద్ద దిగది. ఈమె తింటున్నది, చిక్కుతున్నది. మనకు చలి, ఈమెకు ఉక్క. మీ పెద్ద డాక్టరు దగ్గరికి రేపే తీస్కపో. నేను గూడ వస్త."

చదువుకున్నదాన్ని నేను. గొంతు గ్రంథి గురించి పుస్తకంలో చదివాను, పరీక్ష రాశాను. ఆ మనిషిని పదడుగుల దూరంలో చూస్తూ నేను చూసింది గోలీల పట్టీ ఒక్కటే.

మా దవాఖానాలో పెద్ద డాక్టరుకు మూలికలంటే ఒళ్లుమంట. కోస్తా వైపు మనిషి, మాట మర్యాదే కానీ పదును ఎక్కువ. మర్నాడు అమ్మీ బురఖాలో ఎదురుగా కూర్చోగానే, "మళ్లీ వేర్లూ ఆకులేనా అమ్మా?" అన్నాడు.

"ఇచ్చిన సాబ్. అందుకే వచ్చిన" అంది అమ్మీ. సంచీలోంచి టీచరమ్మ తిరిగిచ్చిన రెండు పొట్లాలూ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది అస్‌గంధ్. ఇది టీ, దీంట్ల తులసి, బాబూనా, తగర, అతిమధురం. మూడు వారాలు, రాత్రి ఒక్క పూట. మీదికెల్లి ఈ నిద్ర గోలీ గూడ వేస్కుంది, నాకు తెల్వదు. నిన్నటి నుంచి నావి రెండూ బంద్."

డాక్టరు కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు. ఏం ఇచ్చారో, ఎన్నాళ్లు ఇచ్చారో అంత స్పష్టంగా చెప్పిన మూలికలవాళ్లు అప్పటిదాకా ఆయనకు తారసపడి ఉండరు. తర్వాత టీచరమ్మ నాడి పట్టుకున్నాడు. నిమిషానికి నూట ఇరవై దాటింది. మెడ తడిమాడు, మోకాలి మీద సుత్తితో కొట్టాడు, కళ్లు చూశాడు.

"థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని నా అనుమానం. రక్తం హైదరాబాద్ పంపించాలి" అన్నాడు. ఆ పరీక్ష అప్పట్లో మా జిల్లాలో లేదు. నమూనా వెళ్లి, ఫలితం రావడానికి పది రోజులు పైగా పట్టింది. అనుమానమే నిజమైంది.

ఆయన థైరాయిడ్‌ను అదుపు చేసే కార్బిమజోల్ రాశాడు. గుండె వేగం తగ్గడానికి, ఉబ్బసం లేదని అడిగి తెలుసుకున్నాక, ప్రోప్రనొలాల్ రాశాడు. నిద్ర గోలీని రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశాడు. "ఈ మందు అరుదుగా రక్తంలో తెల్లకణాలను తగ్గిస్తుంది. గొంతు నొప్పి కానీ జ్వరం కానీ వస్తే మామూలుదే అనుకోవద్దు. మందు ఆపి వెంటనే వచ్చి రక్తం చూపించుకోవాలి" అని టీచరమ్మకు రెండుసార్లు చెప్పాడు, నా చేత మూడోసారి చెప్పించాడు. చర్ల నుంచి రావాలంటే ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు.

అమ్మీ అప్పుడు ఒక ప్రశ్న అడిగింది. నాకూ అదే అడగాలని ఉంది కానీ ధైర్యం చాలలేదు.

"సాబ్, నేనిచ్చిన అస్‌గంధ్ ఈమెకు ఎక్కువ చేసిందా?"

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. "తెలియదమ్మా. జబ్బు అంతకు ముందే మొదలైంది, అది మాత్రం చెప్పగలను. మీ వేరు దాన్ని పెంచిందో లేదో ఈ రోజు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు" అన్నాడు.

"తెల్వనప్పుడు ఇయ్యద్దు గద" అంది అమ్మీ. "ఇగ గొంతు జబ్బున్నోళ్లకు ఇయ్య."

అప్పటికి అది ఆమె తీసుకున్న జాగ్రత్త మాత్రమే. తొంభైలు ముగిసే వేళకు ఆ డాక్టరే ఒక కాగితం పట్టుకొచ్చి మాకు చదివి వినిపించాడు. ఎలుకలకు ఆ వేరు ఇచ్చి చూస్తే వాటి ఒంట్లో థైరాయిడ్ రసం పెరిగిందని అందులో ఉంది. మనుషుల్లోనూ అట్లా జరిగిన సందర్భాలు తర్వాత తర్వాత బయటికి వచ్చాయి. అమ్మీ విని తల ఊపింది, అంతే. ముందే చెప్పానని అనలేదు. నేను మాత్రం దవాఖానాలో అందరికీ చెప్పుకున్నాను.

టీచరమ్మకు నెలన్నరలో చేతుల వణుకు తగ్గింది. నాలుగైదు నెలలకు ఒంటికి కండ పట్టింది. ట్రాన్స్‌ఫర్ కోసం పెట్టిన అర్జీ వెనక్కి తీసుకుందని ఆమె భర్త వచ్చి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆమెనే అడిగితే నవ్వింది. "అడవంటే భయం అని అందరన్నరు, నేనూ గట్లనే అనుకున్న. దడ పోయినంక చూస్తే నాకు అడవంటే భయమే లేదు" అంది. ఆ పల్లె బడిలోనే ఇంకా చాలా ఏళ్లు పాఠం చెప్పింది.

ఆ ఆదివారం తర్వాత అమ్మీ దుకాణం తీరు మారిపోయింది. మనసు నెమ్మదికని, నిద్రకని, దడకని ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే. "ఇంట్ల ఉన్న గోలీలన్నీ సంచీల వేస్కోని రా. అన్నీ చూసినంక మాట్లాడుదాం." కొందరికి కోపం వచ్చింది. పొడి కోసం వస్తే ఈ విచారణ ఏందని పక్క వీధి దుకాణానికి పోయారు. పోయినవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు, సంచీతో.

గోలీల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. మొదట్లో నేను దవాఖానా నుంచి వచ్చేదాకా వాళ్లను కూర్చోబెట్టేది. అది ఆమెకు నచ్చలేదు. ఒకరోజు నా ముందు పలక పెట్టి, "నాకు అంగ్రేజీ అక్షరాలు నేర్పు" అంది. అప్పటికి ఆమెకు యాభై నిండాయి. ఆరు నెలల్లో పట్టీల మీద పేర్లు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. గ్లైబెన్‌క్లమైడ్ అన్న పేరు ఆమె నోటి నుంచి మొదటిసారి పూర్తిగా వచ్చిన రోజు ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆ పేరు ఊరికే నేర్చుకోలేదు. ఒక బొగ్గు గని కార్మికుడు సంచీ తెచ్చి బోర్లించినప్పుడు అందులో అదే ఉంది, షుగరు గోలీ. అస్‌గంధ్ కూడా రక్తంలో చక్కెర తగ్గిస్తుంది. రెండూ కలిస్తే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. అమ్మీ ఆయనకు పొడి ఇవ్వలేదు, డాక్టరును అడిగి రమ్మంది. బీపీ గోలీలు వేసుకునేవాళ్లకూ అంతే. ఒక తల్లి తన బిడ్డకు పరీక్షల భయమని వచ్చింది. ఆ పిల్ల ఫిట్స్‌కు ఫినోబార్బిటోన్ వాడుతోందని సంచీలో తేలింది. మత్తు మీద మత్తు పెట్టనంది అమ్మీ. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షల గురించి ఒక గంట మాట్లాడి పంపింది. టీ దినుసులోంచి అతిమధురం తీసేసింది. రోజూ ఎక్కువగా తాగితే అది బీపీ పెంచుతుందని, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుందని, నీరు దిగే గోలీలు, గుండె గోలీలు వాడేవాళ్లకు ప్రమాదమని డాక్టరు చెప్పాడు. తీపి పోయిందని కొందరు గొణిగారు. "బెల్లం వేస్కోండి" అనేది.

ఏ గోలీలూ లేని, ఏ జబ్బూ లేని, పని ఒత్తిడితో నిద్ర చెడినవాళ్లకు మాత్రం ఇచ్చేది. అదీ కొద్ది వారాలకే. "తగ్గకపోతే నా దగ్గరికి గాదు, దవాఖానాకు పో" అని చెప్పి ఇచ్చేది. వాళ్లలో చాలామంది నిద్ర బాగుపడిందని వచ్చి చెప్పేవాళ్లు.

తొంభైల మొదట్లో మా పెద్ద డాక్టరుకు భద్రాచలం బదిలీ అయింది. పోయిన కొన్ని నెలలకు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. ఏజెన్సీ పల్లెల్లో పనిచేసే నర్సులకు శిక్షణ పెట్టానని, ఒక పూట మీ అమ్మగారు వచ్చి మాట్లాడాలని రాశాడు. చదివి వినిపిస్తే అమ్మీ నమ్మలేదు. "నీకు రాసిండేమో చూడు" అంది. నేను ఆ పేరా మూడుసార్లు చదివాను.

గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ ఆమె ఒడిలో పొట్లాల సంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. హాల్లో ముప్పై మంది దాకా నర్సులు, ఇద్దరు ముగ్గురు కోయ ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. ఆమె మైకు వద్దంది. బల్ల మీద వేర్లు, పూలు పరిచింది. ఒక వేరు విరిచి అందరికీ వాసన చూపించింది. వాళ్లు ముక్కులు మూసుకుని నవ్వారు. ఆ నవ్వుతో ఆమె బెరుకు పోయింది.

టీచరమ్మ సంగతి చెప్పింది. ఎవరన్నదీ, ఏ ఊరన్నదీ చెప్పకుండా, తాను అడగకపోవడం మాత్రం దాచకుండా చెప్పింది.

ఒక నర్సు లేచి, "ఇంతకీ ఇది పనిచేస్తదా, చెయ్యదా అమ్మా? మాకు ఒక్క మాట చెప్పండి" అంది.

"కొందరికి నిద్ర వస్తది, మనసు జర నిమ్మలమైతది. నా కళ్లతో చూసిన" అంది అమ్మీ. "కొందరికి ఏం గాదు. పాలు తాగినందుకు నిద్ర పట్టిందో, ఎవరన్న కూసోబెట్టి మాట్లాడినందుకు పట్టిందో గూడ నేను చెప్పలేను. పెద్ద భయం, పెద్ద రంది దీనితోని పోదు. చావాలనిపిస్తున్నదని ఎవరన్న అంటే వేరు గీరు అనొద్దు, చెయ్యి పట్టుకోని దవాఖానాకు తీస్కరావాలె."

డాక్టరు అందుకున్నాడు. ఆ వేరు ఆందోళనను కొంత తగ్గించవచ్చని అనిపించేలా కొద్దిపాటి ఆధారాలు ఉన్నాయని, ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదని చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వాడకూడదన్నాడు. ఆపరేషనుకు ముందు ఏ మూలికలు తాగుతున్నారో తప్పక అడగమన్నాడు. చామంతి టీ కూడా రక్తం పలచబరిచే గోలీలతో పడదని గుర్తుచేశాడు. ఇంకో సంగతి ఆయనకూ అప్పటికి తెలియదు. అరుదుగానైనా ఈ వేరు కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తుందని, వాడుతుండగా కళ్లు పచ్చబడితే వెంటనే మానేసి డాక్టరుకు చూపించుకోవాలని చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. నేను ఇప్పుడు ఎవరికి చెప్పినా అదీ కలిపి చెబుతాను.

ఆరోగ్య కార్యకర్తల్లో ఒకామె చెయ్యెత్తింది. "మేం అడిగితే మావోళ్లు చెప్పరమ్మా. తిడతరని దాచుకుంటరు" అంది.

అమ్మీ ఆమె దగ్గరికి నడిచి వెళ్లింది. "నువ్వు ఎట్ల అడుగుతవ్?"

"నాటు మందు ఏమన్న తాగుతున్నవా అంట."

"గట్ల అడిగితే నేను గూడ చెప్ప" అంది అమ్మీ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నాటు అన్నవంటే తక్కువ జేసి మాట్లాడినట్టు. 'నిమ్మలం కోసం ఇంట్ల ఏం తాగుతున్నరు తల్లీ, నాకూ చెప్పు' అని అడుగు. అడిగినంక మొఖం మాడ్చకు. చెప్పింది చెప్పినట్టు రాస్కో."

ఆ మాటలు ఆ కార్యకర్త పక్కనున్నవాళ్లకు కోయలో చెప్పింది. ముప్పై మంది నర్సులూ కలాలు తీసి రాసుకున్నారు. నేను వెనక వరుసలో కూర్చుని ఉన్నాను. పక్కనున్న నర్సు, "ఆమె ఎవరండీ, ఆయుర్వేద డాక్టరా?" అని అడిగింది.

"మా అమ్మ" అన్నాను.

తర్వాతి నెలలో డాక్టరు ఒక రబ్బరు ముద్ర చేయించాడు. రోగి చీటీ మీద ఒక మూలన వేసేది. దాని అచ్చు తీసిన కాగితం ఒకటి అమ్మీకి చూపించమని నాకు పంపాడు. అందులో "నాటు మందులు ఏమైనా" అని ఉంది, పక్కన గీత. పాత అలవాటు ఆయనకూ పోలేదు.

అమ్మీ కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుంది. తెలుగు అక్షరాలు కూడా ఆ ఏళ్లలోనే నేర్చుకుంది. ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. తర్వాత నా కలం అడిగి తీసుకుని, "నాటు" అన్న మాట కొట్టేసి, పైన వంకర టింకరగా "ఇంటి" అని రాసింది.

"ఇట్లనే పంపు" అంది.

అట్లాగే పంపాను. డాక్టరు ముద్ర మళ్లీ చెక్కించాడు.